ప్రతి వరుస వెనుక ఒక కొలత: ఏసీ మరమ్మతు కొటేషన్‌ను చదివే పద్ధతి
(విజయవాడలోని ఒక అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘ సభ్యులందరికీ నమస్కారం. నేను 22 ఏళ్లు ఏసీలు బాగుచేసే పని చేశాను, ఆ తరువాత ఐటీఐలో అదే పని పిల్లలకు నేర్పుతున్నాను. గత నెలలో మీ సంఘం కార్యదర్శిగారు ఒక కొటేషన్ కాగితాన్ని నాకు ఫోనులో పంపి, ఇందులో రాసినవన్నీ నిజంగా అవసరమేనా అని అడిగారు. ఈనాటి మాటలన్నీ ఆ ఒక్క కాగితం చుట్టూనే తిరుగుతాయి. ఆ ఇంటివారి అనుమతితోనే, వారి పేరు చెప్పకుండా, అందులోని అంకెలను మీకు వినిపిస్తున్నాను.

ఆ ఇంట్లో ఉన్నది ఆరేళ్ల క్రితం కొన్న ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ. ఇన్వర్టర్ రకం కాదు, పాత పద్ధతిలో ఒకే వేగంతో తిరిగే కంప్రెసర్ ఉన్నది. అందులో ఉన్న గ్యాస్ ఆర్-32. ఫిర్యాదు ఏమిటంటే, ఇండోర్ నుంచి గాలి వస్తున్నది కానీ చల్లదనం లేదు. ఔట్‌డోర్‌లో ఫ్యాను తిరుగుతున్నది. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికిన ఒక నంబరుకు ఫోను చేయగా ఒక టెక్నీషియన్ వచ్చి, పావుగంట చూసి, ఈ కాగితం రాసిచ్చాడు. కంప్రెసర్‌కు 11,500 రూపాయలు, కెపాసిటర్‌కు 650, గ్యాస్ చార్జింగ్‌కు 3,800, గొట్టాల్లోని తేమను పట్టే ఫిల్టర్ డ్రయ్యర్‌కు 450, గొట్టాలు అతికించే బ్రేజింగ్, నైట్రోజన్‌కు కలిపి 1,200, లేబర్ 2,500. మొత్తం 20,100 రూపాయలు. కింద 18 శాతం జీఎస్టీ 3,618 కలిపితే 23,718 రూపాయలు.

ఈ కాగితాన్ని చూడగానే మనలో చాలామందికి కలిగే మొదటి ఆలోచన, కంప్రెసర్ పదకొండున్నర వేలా, ఇంకొంచెం తగ్గించరా అని. బేరం అక్కడే మొదలవుతుంది. అతను ఓ వెయ్యి తగ్గిస్తాడు, మనం సంతోషిస్తాం. కానీ ఆ ధర నిజానికి అన్యాయమైనదేమీ కాదు. ఒకటిన్నర టన్ను కంప్రెసర్ బ్రాండును బట్టి, రకాన్ని బట్టి 8,000 నుంచి 14,000 వరకు పలుకుతుంది. మనం అడగవలసిన ప్రశ్న ధర గురించి కాదు. కంప్రెసర్ పోయిందని ఏ కొలతతో తేల్చావు, ఆ కొలత ఎంత వచ్చింది అని అడగాలి. కొటేషన్ అనేది ధరల పట్టికగా కనిపిస్తుంది కానీ, దాని అసలు స్వభావం రోగ నిర్ధారణ చీటీ వంటిది. అందులో రాసిన ప్రతి విడిభాగం వెనుక ఒక కొలత గాని, కంటితో చూసిన ఒక లోపం గాని ఉండాలి. అది లేని వరుసను ఊహగానే భావించాలి. ఈ కాగితంలో ఆరు వరుసలున్నాయి, ఒక్క కొలతా లేదు.

ఇప్పుడు ఫిర్యాదు దగ్గరకు వెళదాం. ఫ్యాను తిరుగుతూ, కంప్రెసర్ మాత్రం పనిచేయకపోతే అందుకు కారణాలు కొన్నే ఉంటాయి. కంప్రెసర్ బయలుదేరడానికి తోడ్పడే రన్ కెపాసిటర్ బలహీనపడి ఉండవచ్చు. దానికి కరెంటు అందించే తీగ గాని, ఇండోర్ బోర్డులోని రిలే గాని కాలిపోయి ఉండవచ్చు. ఇంట్లో ఓల్టేజి బాగా పడిపోయి ఉండవచ్చు. మే నెలలో సాయంత్రం వేళ మన వీధుల్లో ఇది మామూలే. చివరగా, కంప్రెసరే లోపల బిగుసుకుపోయి గాని, వైండింగ్ కాలిపోయి గాని ఉండవచ్చు. ఈ వరుసలో అన్నిటికన్నా తరచుగా పోయేది, అన్నిటికన్నా చవకైనది కెపాసిటర్. అన్నిటికన్నా అరుదుగా పోయేది, అన్నిటికన్నా ఖరీదైనది కంప్రెసర్. కనుక బుద్ధిగల టెక్నీషియన్ ఎవరైనా చవకైన దాన్ని ముందు కొలిచి, అది బాగుందని తేలాకే ఖరీదైన దాని జోలికి వెళతాడు. ఈ కాగితం రాసిన అతను రెండింటినీ ఒకే కాగితంలో పెట్టాడు. కెపాసిటర్ పాడైందని అతనికి తెలిసే ఉండాలి, లేకపోతే దాన్ని రాయడు. అది పాడైందని తెలిసినప్పుడు, దాన్ని మార్చి చూడకుండా కంప్రెసర్ పోయిందని ఎలా తేల్చగలిగాడన్నది నా సందేహం.

కెపాసిటర్ చేసే పనిని కొంచెం వివరిస్తాను. కంప్రెసర్ మోటారులో రెండు వైండింగ్‌లు ఉంటాయి. ఒక్క వైండింగ్‌కు కరెంటు ఇస్తే మోటారు ఎటు తిరగాలో తెలియక నిలబడి గుంయ్‌మంటుంది. కెపాసిటర్ రెండో వైండింగ్‌లోని కరెంటును కొంచెం ముందుకు జరిపి, తిరిగే దిశను, బయలుదేరే బలాన్ని ఇస్తుంది. అల్యూమినియం డబ్బాలో ఉండే ఈ చిన్న వస్తువు మీద దాని విలువ మైక్రోఫారడ్‌లలో అచ్చువేసి ఉంటుంది. ఈ ఏసీలో ఉన్నది 45 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, పక్కనే ఐదు శాతం హెచ్చుతగ్గు అని కూడా రాసి ఉన్నది. అంటే మీటరు మీద సుమారు 43 నుంచి 47 మధ్య రావాలి. ఆ కాగితం చూశాక నేను ఆ ఇంటికి పంపిన కుర్రాడు కొలిస్తే 21 వచ్చింది. సగానికి కూడా లేదు. అటువంటి కెపాసిటర్‌తో కంప్రెసర్ బయలుదేరలేదు. కొన్ని క్షణాలు గుంయ్‌మని, మామూలు కన్నా అనేక రెట్లు కరెంటు లాగి, వేడెక్కి, లోపలి ఓవర్‌లోడ్ రక్షణ తెగి ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. బయట నిలబడి చెవి పెట్టి వింటే మీకే వినిపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కున్నది. చాలా కంప్రెసర్లను అన్యాయంగా చంపేసేది ఇదే. కంప్రెసర్ మీద మూడు టెర్మినల్స్ ఉంటాయి. కామన్, రన్, స్టార్ట్. వాటి మధ్య ఓమ్‌లు కొలిస్తే, కామన్ నుంచి రన్‌కు, కామన్ నుంచి స్టార్ట్‌కు వచ్చే రెండు అంకెలను కూడితే రన్ నుంచి స్టార్ట్‌కు వచ్చే అంకె రావాలి. ఈ కంప్రెసర్‌లో 1.7, 2.4 వచ్చాయి, మూడోది 4.1 వచ్చింది. లెక్క సరిపోయింది. బాడీకి, టెర్మినల్స్‌కు మధ్య కరెంటు లీకేజిని పట్టే మెగ్గర్ అనే మీటరుతో పరీక్షిస్తే లీకేజి లేదు. అంటే వైండింగ్ ఆరోగ్యంగా ఉన్నది. కానీ ఇవే కొలతలు కంప్రెసర్ వేడిగా ఉండగా, ఓవర్‌లోడ్ తెగి ఉన్నప్పుడు తీస్తే, లోపలి ఓవర్‌లోడ్ కామన్ తీగలోనే ఉంటుంది కనుక, కామన్ నుంచి ఎటు కొలిచినా తెగిపోయినట్టే చూపుతుంది. అనుభవం లేనివాడు గాని, అనుభవం ఎక్కువైనవాడు గాని, చూడండి మేడమ్, వైండింగ్ ఓపెన్ అయిపోయింది అని మీకే మీటరు చూపిస్తాడు. మీటరు అబద్ధం చెప్పలేదు, సమయం తప్పు. రన్ నుంచి స్టార్ట్‌కు కొలిస్తే మాత్రం అంకె మామూలుగానే వస్తుంది. కామన్ తెగినట్టు చూపి, రన్ నుంచి స్టార్ట్‌కు అంకె బాగుంటే, ఒక గంటో రెండు గంటలో ఆగి, కంప్రెసర్ మీద చేయి పెట్టగలిగినంత చల్లారాక మళ్లీ కొలవాలి. అప్పుడు కూడా తెగినట్టే చూపితే కంప్రెసర్ పోయిందని నమ్మవచ్చు.

మీలో ఎవరూ ఔట్‌డోర్ మూత తీసి ఈ కొలతలు స్వయంగా తీయవద్దు. కరెంటు ఆపేసిన తరువాత కూడా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉండి గట్టిగా కొడుతుంది. మీరు చేయవలసింది టెక్నీషియన్ తీస్తున్నప్పుడు పక్కన నిలబడి, మీటరు మీద అంకెను ఫోనుతో ఫోటో తీసుకోవడం, ఆ అంకెను కొటేషన్ మీద రాయమనడం. కెపాసిటర్ 45 ఉండాలి, 21 ఉన్నది, అని ఒక్క పంక్తి రాస్తే ఆ వరుసను ఎవరైనా నమ్మవచ్చు.

ఇప్పుడు గ్యాస్ వరుస చూద్దాం. మన ఊళ్లలో ఏసీ మరమ్మతులో అనవసరంగా ఖర్చయ్యే డబ్బులో పెద్ద భాగం ఈ వరుసలోనే పోతుందని నా అనుభవం. ఏసీలోని గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. లీకు లేకపోతే పదేళ్లయినా తగ్గదు. కనుక, రెండేళ్లకోసారి గ్యాస్ నింపించుకోవాలండీ అనే మాటకు అర్థం లేదు. గ్యాస్ చార్జింగ్ అనే వరుస ఉంటే, దాని పైన లీకు ఎక్కడ ఉన్నదో, దాన్ని ఎలా మూస్తారో చెప్పే మరో వరుస తప్పక ఉండాలి. ఆ వరుస లేకుండా గ్యాస్ మాత్రమే రాస్తే రెండిట్లో ఒకటి నిజం. గ్యాస్ తగ్గనే లేదు, లేదా తగ్గింది గాని వచ్చే వేసవికి మళ్లీ పిలవవలసి వస్తుంది.

మన కాగితంలో మరింత విచిత్రం ఉన్నది. కంప్రెసర్ నడవని ఏసీలో గ్యాస్ తగ్గిందని అతను చెప్పాడు. ఔట్‌డోర్ వాల్వుకు గేజి తగిలించి, చూడండి, ఇంతే ఉన్నది అని అంకె కూడా చూపాడట. మీ వంటింట్లోని గ్యాస్ సిలిండరును ఒకసారి గుర్తు చేసుకోండి. సిలిండరు నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా, లోపల ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఒత్తిడి ఇంచుమించు ఒకటే ఉంటుంది. అది వాతావరణపు వేడిని బట్టి మారుతుంది గాని, ఎంత గ్యాస్ ఉన్నదో చెప్పదు. అందుకే సిలిండరులో ఎంత మిగిలిందో తెలియాలంటే బరువు చూస్తాం. ఆగి ఉన్న ఏసీలో గేజి చూపేది కూడా ఆ రకం ఒత్తిడే. పూర్తిగా ఖాళీ అయిపోతే తప్ప, ఆగి ఉన్న ఏసీలో గ్యాస్ తక్కువగా ఉన్నదో లేదో గేజితో తేల్చలేరు. కంప్రెసర్ నడిచి, కనీసం పది, పదిహేను నిమిషాలయ్యాక, చల్లటి గొట్టం వైపు ఒత్తిడి, కంప్రెసర్ లాగే ఆంపియర్లు, ఇండోర్ లోపలికి వెళ్లే గాలికీ బయటకు వచ్చే గాలికీ మధ్య తేడా, ఈ మూడూ కలిపి చూస్తేనే నిర్ణయం. మామూలుగా ఆ తేడా 8 నుంచి 12 డిగ్రీల దాకా ఉండాలి. గ్యాస్ తగ్గితే ఒత్తిడితోపాటు ఆంపియర్లు కూడా తగ్గుతాయి, ఎందుకంటే కంప్రెసర్‌కు పిండవలసిన సరుకు తక్కువ. ఆంపియర్లు పెరిగి, చల్లదనం తగ్గితే గ్యాస్ తగ్గినందుకు కాదు, చాలావరకు ఔట్‌డోర్ కాయిల్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది.

ఇండోర్ కాయిల్ మీద మంచు పేరుకుంటే గ్యాస్ తగ్గినట్టేనని చాలామంది నమ్ముతారు. అది సగం నిజం. గ్యాస్ తగ్గినా మంచు కడుతుంది, ఫిల్టరు దుమ్ముతో నిండి గాలి సరిగా ఆడకపోయినా మంచు కడుతుంది. తేడా ఎక్కడంటే, గ్యాస్ తగ్గినప్పుడు మంచు ఎక్కువగా కాయిల్ మొదట్లో, సన్న గొట్టం వైపు పట్టి, మిగతా కాయిల్ వెచ్చగా ఉంటుంది. గాలి ఆడకపోతే కాయిల్ అంతా గడ్డకట్టి, లావు గొట్టం మీద కూడా మంచు పాకుతుంది. రెండోదానికి మందు ఫిల్టరు కడగడమే, దానికి ఖర్చు ఒక బక్కెట్టు నీళ్లు.

నిజంగా గ్యాస్ తగ్గిందని తేలితే పని ఎలా జరగాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఆ పనికే 2,500 నుంచి 4,000 రూపాయలు తీసుకుంటారు. ముందు లీకు కనిపెట్టాలి. ఇండోర్, ఔట్‌డోర్ దగ్గర గొట్టాలు కలిసే ఫ్లేర్ నట్ల వద్ద నూనె మరక ఉందేమో చూస్తారు. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కొంచెం బయటకు వస్తుంది కనుక లీకు ఉన్నచోట జిడ్డు, దానిమీద దుమ్ము పడుతుంది. సబ్బు నురగతో బుడగలు చూస్తారు. నట్టు వదులైతే గొట్టం చివరను మళ్లీ గరాటులా విప్పి, అంటే ఫ్లేర్ చేసి, బిగిస్తే చాలు, అది వందల్లో పోయే పని. కాయిల్‌కే చిల్లు పడితే కథ వేరు. మురుగు కాలువ పక్కన ఉన్న ఇళ్లలో ఆ వాయువుల వల్ల, విశాఖపట్నం తీరంలో ఉప్పుగాలి వల్ల కాయిళ్లు త్వరగా తినేసుకుపోతాయి. అక్కడ కాయిల్ మార్చాలని రాస్తే వెంటనే అనుమానించవద్దు, బుడగలు వచ్చే చోటు చూపమని అడగండి. లీకు మూశాక నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి, తరువాత వాక్యూమ్ పంపుతో కనీసం 20, 30 నిమిషాలు లోపలి గాలి, తేమ లాగేయాలి, ఆ తరువాత సిలిండరును తూకం మీద పెట్టి గ్యాస్ ఎక్కించాలి. ఎంత ఎక్కించాలో ఔట్‌డోర్ మీద అంటించిన రేకు మీదే గ్రాముల్లోనో కిలోల్లోనో రాసి ఉంటుంది. ఈ ఏసీకి 750 గ్రాములు అని ఉన్నది. కనుక కొటేషన్‌లో గ్యాస్ చార్జింగ్ అని వదిలేయకుండా, ఆర్-32, 750 గ్రాములు, తూకంతో, అని రాయించుకోండి. తూకం తేకుండా, పంపు తేకుండా, ఒక్క సిలిండరు, ఒక గొట్టం పట్టుకొచ్చి అరగంటలో ముగిస్తే, అతను చేసింది చార్జింగ్ కాదు, అందాజుగా కలిపిన గ్యాస్. ఇంకొక మాట, గ్యాస్ పేరు తప్పక సరిచూడండి. పాత ఆర్-22 ఏసీకి వాడే నూనె వేరు, ఆర్-410ఏ, ఆర్-32 ఏసీలకు వాడే నూనె వేరు. ఒకదానిలో ఇంకొకటి పోస్తే కంప్రెసర్ నిజంగానే పోతుంది.

ఇక మన కాగితాన్ని మరొక కోణం నుంచి చూడండి. కొటేషన్‌లోని వరుసలు గుంపులుగా నడుస్తాయి. ఒక పని ఇంకొన్ని పనులను వెంట తెస్తుంది. కంప్రెసర్ మార్చాలంటే గొట్టాలు కోసి మళ్లీ బ్రేజింగ్ చేయాలి, గ్యాస్ మళ్లీ నింపాలి, డ్రయ్యర్ మార్చడం మంచిది. కాబట్టి కంప్రెసర్ నిజంగా పోయి ఉంటే ఈ కాగితంలోని మిగతా వరుసలన్నీ న్యాయమే. కంప్రెసర్ వరుస ఒక్కటి కూలితే, దాన్ని పట్టుకుని ఉన్న గ్యాస్, డ్రయ్యర్, బ్రేజింగ్, లేబర్‌లో చాలా భాగం కూడా కూలిపోతాయి, కెపాసిటర్ ఒక్కటే నిలుస్తుంది. అందుకే మొత్తం మీద బేరం ఆడటం వృథా. గుంపుకు తలకాయ ఏదో కనిపెట్టి, దానికి మాత్రమే రుజువు అడగాలి. ఒకవేళ కంప్రెసర్ మారుస్తామని రాసి గ్యాస్ వరుస రాయకపోతే అప్పుడూ జాగ్రత్తపడాలి, అది పని సగంలో అదనపు ఖర్చుగా వస్తుంది. ఇంకో చిన్న సంగతి, కంప్రెసర్ అమర్చే లేబర్ అంటే అందులో గొట్టాలు కోసి అతికించడం ఉన్నట్టే. బ్రేజింగ్‌కు విడిగా 1,200, లేబర్‌కు మళ్లీ 2,500 అంటే, ఆ రెండింటి మధ్య తేడా ఏమిటో అడిగి తెలుసుకోవాలి.

జీఎస్టీ గురించి రెండు మాటలు. ఈ కాగితం మీద 18 శాతం పన్ను వేశారు కానీ జీఎస్టీ నంబరు లేదు. పన్ను వసూలు చేసేవారికి 15 అక్షరాంకెల నంబరు ఉంటుంది, ఆంధ్రప్రదేశ్‌లో అది 37తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. నంబరు లేనివారు పన్ను పేరుతో డబ్బు తీసుకోకూడదు. ఆ 3,618 రూపాయలు ప్రభుత్వానికి వెళ్లే దారే లేదు.

ఇంతకన్నా పెద్ద సంగతి, ఇంటివారి అల్మారాలో పడి ఉన్న వారంటీ కార్డు. ఆ ఏసీ కొన్నప్పుడు కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ ఇచ్చారు. ఆరేళ్లే అయింది. అంటే కంప్రెసర్ నిజంగా పోయినా, ఆ 11,500 రూపాయలు ఇవ్వవలసిన అవసరమే లేదు, కంపెనీయే కంప్రెసర్ ఇస్తుంది. ఇటువంటి వారంటీల్లో సాధారణంగా కంప్రెసర్ ఉచితమే కానీ గ్యాస్, లేబర్ మన మీదే పడవచ్చు, కార్డులో రాసిన షరతులు చదవాలి. ఇంటర్నెట్‌లో కంపెనీ పేరుతో కనిపించిన ప్రతి నంబరు కంపెనీది కాదు. వారంటీ కార్డు మీద గాని, కంపెనీ సొంత వెబ్‌సైటులో గాని ఉన్న నంబరుకే ఫోను చేయండి. కంప్రెసర్, పీసీబీ అనే సర్క్యూట్ బోర్డు లాంటి పెద్ద వస్తువుల పేరు కొటేషన్‌లో కనిపించగానే మొదటి పని ఆ కార్డు వెతకడం.

మరి చివరికి ఆ ఇంట్లో ఏమైంది? కొత్త 45 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌కు 420 రూపాయలు పడింది. వేసిన వెంటనే కంప్రెసర్ బయలుదేరింది. అయితే అక్కడితో సంతోషించి రాలేదు. క్లాంప్ మీటర్ పెడితే 8.9 ఆంపియర్లు లాగుతున్నది. రేకు మీద 7.2 అని ఉన్నది. ఎందుకంటే ఔట్‌డోర్‌ను పడమటి బాల్కనీలో ఎండకు పెట్టి, దాని వెనుక ఒక పాత మంచాన్ని ఆనించారు. కాయిల్ నిండా దుమ్ము. అసలు కెపాసిటర్ ఆరేళ్లలో అంత బలహీనపడటానికి ఆ వేడే ఎక్కువ కారణం. కాయిల్ కడిగి, మంచం తీసేశాక 7.4కు దిగింది. ఇండోర్ దగ్గర గాలి తేడా 11 డిగ్రీలు వచ్చింది. ఆంపియర్లు పడిపోకుండా గాలి తేడా అంత రావడం గ్యాస్ సరిపడా ఉన్నదనడానికి గట్టి గుర్తు. చూడటానికి వచ్చినందుకు 500, కడిగినందుకు 600 కలిపితే మొత్తం 1,520 రూపాయలు. 23,718తో పోలిస్తే పదిహేనో వంతు కన్నా తక్కువ.

అయితే ప్రతి టెక్నీషియన్ మోసగాడని నేను చెప్పడం లేదు. కొందరు తెలియక రాస్తారు. కెపాసిటర్ వేసి వెళ్లాక నాలుగు రోజులకు కంప్రెసర్ పోతే ఇంటివారి తిట్లు తినవలసి వస్తుందన్న భయంతో ముందే అన్నీ రాసేవారు కూడా ఉన్నారు. తీగ, రిలే, ఓల్టేజి బాగుండి, కాయిల్ శుభ్రంగా ఉండి, కొత్త కెపాసిటర్ వేసినా కంప్రెసర్ బయలుదేరకపోతే, లేదా బయలుదేరినా ఆంపియర్లు తగ్గకుండా ఓవర్‌లోడ్ అవుతుంటే, లోపల బిగుసుకుపోయిందన్న మాట. అప్పుడు కంప్రెసర్ వరుసకు ఆధారం దొరికినట్టే. అప్పుడు కూడా ఒక లెక్క వేసుకోండి. పదేళ్లు దాటిన ఏసీకి, వారంటీ అయిపోయాక, ఇరవై వేలు పెట్టడం కన్నా కొత్తది కొనడం మేలు. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కూడా.

ఇన్వర్టర్ ఏసీల గురించి కొంచెం చెప్పి ముగిస్తాను. అందులో ఔట్‌డోర్ బోర్డే కంప్రెసర్‌ను నడుపుతుంది, మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్న రన్ కెపాసిటర్ ఉండదు. ఔట్‌డోర్ పీసీబీ 6,000 నుంచి 14,000 దాకా ఉంటుంది. కనుక అక్కడ కంప్రెసర్‌కు బదులు బోర్డు పేరు ఎక్కువగా వింటారు. ఈ ఏసీలు తప్పు జరిగితే డిస్‌ప్లే మీద గాని, ఔట్‌డోర్ బోర్డు మీద లైటు మిణుకుల రూపంలో గాని ఒక ఎర్రర్ కోడ్ చూపుతాయి. ఆ కోడ్ ఏమిటో, దానికి కంపెనీ పుస్తకంలో ఏమి అర్థమో కొటేషన్‌లో రాయమనండి. చాలా కోడ్‌లకు అర్థం సెన్సర్ లోపం. గాలి వేడి, కాయిల్ వేడి చూసే ఆ చిన్న సెన్సర్ 200 నుంచి 500 రూపాయల వస్తువు. కొలవడం కూడా తేలికే, చాలా మోడళ్లలో 25 డిగ్రీల వద్ద 10 కిలో ఓమ్‌లు ఉండాలి, చేతిలో పట్టుకుంటే తగ్గాలి. బోర్డు పోయినా అన్నిసార్లూ మొత్తం మార్చనక్కరలేదు. ఓల్టేజి ఎక్కువ వచ్చినప్పుడు బోర్డులోని ఫ్యూజు, దాని పక్కనుండే వేరిస్టరు కాలి మిగతా బోర్డును కాపాడుతాయి. వాటిని మార్చడం వందల్లో తేలిపోయే పని. మన ఊళ్లలో ఇంకో శత్రువు బల్లి. వెచ్చదనం కోసం ఔట్‌డోర్ పెట్టెలో దూరి బోర్డు మీద షార్ట్ చేసి చచ్చిపోతుంది. నా చేతిలో అలా పోయిన బోర్డులను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. బోర్డును కంపెనీ బయట బాగుచేసేవారు కూడా ఉన్నారు, సాధారణంగా 1,500 నుంచి 3,500 దాకా తీసుకుంటారు, కానీ వారి వారంటీ నెలల్లోనే ఉంటుంది. కంప్రెసర్‌ను నడిపే పవర్ మాడ్యూల్ కాలిపోతే మాత్రం రిపేరు ఎక్కువకాలం నిలవదు, అప్పుడు కొత్త బోర్డే తీసుకోండి.

(ప్రసంగం తరువాత సభలోని ఒక మహిళ, తీసేసిన పాత వస్తువును తీసుకోవడం వల్ల ఉపయోగం ఉందా అని అడిగారు.)

ఉన్నదమ్మా. మార్చిన పాత భాగం మీది, కొటేషన్ ఒప్పుకునేటప్పుడే అది మాకు తిరిగి ఇవ్వాలి అని చెప్పండి. వారంటీ కింద కంపెనీ మార్చిన కంప్రెసర్‌ను, బోర్డును మాత్రం కంపెనీయే తీసుకుపోతుంది. మీ డబ్బుతో మార్చినది ఇవ్వడానికి అతను వెనుకాడితే, అది నిజంగా పాడైనదా అన్న అనుమానం మొదలవుతుంది. కంప్రెసర్ పాతదైనా లోపలి రాగికి, ఇనుముకు విలువ ఉంటుంది, ఆ విలువ కొటేషన్‌లో తగ్గించారో లేదో చూడండి. బోర్డు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మంచి బోర్డు పట్టుకుపోయి, దాన్ని మరో ఇంట్లో అమ్మడం నేను చూశాను. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు, ఇంటివారు అడగకముందే పాత కెపాసిటర్‌ను బల్ల మీద పెట్టి, పక్కనే మీటరు పెట్టి కొలిచి చూపుతాడు. మీ ఏసీకి ఎవరు వచ్చినా, బిల్లు చేతిలో పెట్టకముందు అదే అడగండి.